ఎల్లేశం జాయింట్లు

ఎల్లేశం పద్నాలుగేళ్లుగా పాలమూరులో ఫైబర్ కేబుల్ వేస్తున్నాడు. వెంట్రుకంత సన్నటి గాజు తీగల కొసలు తుడిచి, మిషన్లో పెట్టి అతికిస్తాడు. ప్రతి జాయింటు డబ్బా మూత మీద తేదీ రాస్తాడు. అలాంటి మనిషిని మా డెయిరీలో మూడు రోజులు దొంగను నిలబెట్టినట్టు నిలబెట్టారు. తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. ఆ కోపంలో సగం నా మీదే.

మా ఆఫీసుకు ఇంటర్నెట్ లైను ఒకటే ఉండేది. రెండోది ఎల్లేశం వేశాడు. మక్తల్ వైపు పాల సెంటర్లు ఆ కొత్త లైను మీదుగా మా సర్వర్‌కు కలవాలి. లైన్లలో వచ్చేపోయేవాటికి కాపలా కాసే ఫైర్‌వాల్ డబ్బాలో సెట్టింగులు పెట్టింది నేను. తీరా చూస్తే ఒక్క సెంటరూ కలవలేదు.

ఐటీ మేనేజర్ అమరేందర్ తన కంప్యూటర్లో ఏదో వీడియో పెట్టి చూశాడు. అది పాత లైనులో వస్తోందన్న ఆలోచనే లేదు మహానుభావుడికి.

"నెట్ మంచిగనే ఉంది. కొత్త జాయింట్లే ఖరాబున్నయ్" అన్నాడు. అదే మాట అందరికీ మెయిల్ కొట్టాడు. రోజుకోసారి ఎల్లేశం చేత జాయింట్లు కోయించి, మళ్లీ వేయించాడు. మూడో రోజు కేబుల్ కాంట్రాక్టర్ ఫోన్ చేసి, సాయంత్రంలోగా లైను పనిచేయకపోతే ఎల్లేశాన్ని పనిలోంచి తీసేస్తానన్నాడు.

ఎల్లేశం తీగలో వెలుగు కొలిచే తన మీటరు తెచ్చి నా టేబుల్ మీద పెట్టాడు.

"లైటు నిండుగ వస్తాంది మేడం. లోపల మీ డబ్బ ఏం చేస్తాందో జర చూడుండ్రి."

మొదటిరోజే చూడాల్సింది. సెంటర్ల పిలుపు కొత్త లైనులో లోపలికి వస్తోంది. సర్వర్ జవాబిస్తోంది. నేను పెట్టిన సెట్టింగు ఆ జవాబును పాత లైనుకు మళ్లిస్తోంది. ఏ మాట ఏ లైనులో మొదలైందో గుర్తుంచుకునే ఫైర్‌వాల్, ఇది వచ్చిన దారిన పోవడం లేదని అక్కడే పడేస్తోంది. రెండో గేటులో పేరు రాయించుకుని లోపలికి వచ్చిన ట్యాంకర్ మొదటి గేటులోంచి బయటికి పోబోతే అక్కడి వాచ్‌మన్ ఆపేసినట్టే. కొత్త లైనులో వచ్చినదాని జవాబు కొత్త లైనులోనే పోవాలని రూలు రాశాను. నిమిషంలో మక్తల్ కలిసింది.

"అయిపాయె గదా, ఇగ ఇడిసిపెట్టు" అన్నాడు అమరేందర్.

"ఎట్ల ఇడిసిపెడ్తం సార్? ఆయన పేరు ఖరాబు జేసిన మెయిల్ అందరికీ పోయింది."

జాయింట్లలో లోపం లేదు, తప్పు నాది అని రాసి, కాంట్రాక్టర్‌తో సహా అందరికీ పంపాను. అమరేందర్ కుర్చీ తోసుకుని వెళ్లిపోయాడు.

ఎల్లేశానికి చదివి వినిపించాను. ముఖం గంటుపెట్టుకునే ఉన్నాడు.

"నౌకరి ఉంటది, మంచిదే మేడం. గని మంచి జాయింట్లను మూడుసార్లు నా చేత్తోనే కోయించిండ్రు. గది ఏ మెయిల్ల రాస్తరు?"