అంజినప్ప ‘కానీ’

పుంగనూరు చెవిటి పిల్లల బడికి ఒక కార్యవర్గం ఉంది. దానికి రాజేశ్వరి కార్యదర్శి. ఆమె ముందు తుమ్మితే అదీ మినిట్స్‌లోకి ఎక్కుతుందని సభ్యులు వేళాకోళం ఆడేవారు. ఆడనీ! చెప్పింది చెప్పినట్టు రాయడం ఆ మనిషికి ఉద్యోగం కాదు, పంతం.

ఆ పంతానికి ఒక పుట్టుక ఉంది. గంగవరం దగ్గర కూలి బతుకుల ఇంట్లో పుట్టింది రాజేశ్వరి. తమ్ముడు ముద్దుకృష్ణకు పుట్టుకతోనే వినపడదు. నాయన పోయాక చిన్నాయన ఇంటి స్థలం పంచాడు. పెద్దమనుషులు పిల్లవాడి వైపు చూస్తే, “వాడూ సరే అంటాండాడు లేప్పా” అని చిన్నాయనే చెప్పేశాడు. ముద్దుకృష్ణ వద్దని చేతులు ఆడిస్తూనే ఉన్నాడు, పెద్దలెవరూ చూడలేదు. చూసిన రాజేశ్వరి నోరెత్తే వయసులో లేదు. పెరిగి, టీచరమ్మయి, రిటైరయ్యాక ఈ బడికి చాకిరీ చేయడానికి వచ్చిందంటే అందుకే. తమ్ముడు అదే బడిలో వడ్రంగం నేర్పుతాడు.

బడిలో భోజనాల గది గుడుపల్లె రైతు అంజినప్ప కట్టించింది. భార్య చెంగమ్మ పోయాక, ఆమె పేరు చెక్కిన రాయి వాకిలి మీద పెట్టించి, కార్యవర్గంలో సభ్యుడిగా చేరాడు. సభకు వచ్చినప్పుడల్లా ఆ వాకిట్లో చెప్పులు విప్పి, కాసేపు నిలబడి గాని లోపలికి వచ్చేవాడు కాదు.

ఆ ఏడు తుపాను వాన విడవకుండా కురిసింది. భోజనాల గది గోడ నాని, పిల్లలు పడుకునే గదుల మీదికి ఒరిగింది. ఇంజనీరు వచ్చి చూసి, చీకటి పడేలోగా దించేయకపోతే తన పూచీ లేదన్నాడు. కార్యవర్గం మామూలు సభకు ఇంకా నెలపైనే ఉంది. ఇలాంటి ఆపదకని బడి నిబంధనల్లో ఒక దారి ఉంది: ఫోనులో సభ పెట్టుకోవచ్చు. అయితే ఒకరి మాట ఒకరికి వినపడాలి. నిర్ణయం వేళకు నలుగురైనా లైనులో ఉండాలి, అదే కోరం. ఏం జరిగిందో రాసి, వచ్చే సభలో పెట్టి ధ్రువీకరణ పొందాలి.

రాజేశ్వరి అందరికీ ఫోన్లు కలిపింది. వానకు కొందరు దొరకలేదు. మదనపల్లె నుంచి అధ్యక్షుడు గిరిబాబు, డాక్టరు నీలిమ దొరికారు. గుడుపల్లె అవతల గట్టెక్కితే గాని సిగ్నల్ అందని అంజినప్ప కూడా దొరికాడు. తనతో కలిపి సరిగ్గా నలుగురు. సంగతి చెప్పింది. గిరిబాబు కూల్చేద్దామన్నాడు, నీలిమ బలపరిచింది, తానూ సమ్మతించింది.

“అంజినప్పన్నా, నువ్వేమంటావు?”

గాలి హోరు వినపడింది. ఆ హోరులోంచి ఒకే మాట వచ్చింది.

“కానీ...”

అంతే. లైను తెగింది. మళ్లీ మళ్లీ చేసినా కలవలేదు.

“కానీ అన్నాడు కదమ్మా, ఇంకేంది? కానియ్!” అన్నాడు గిరిబాబు. ఆయన టమోటా మండీ మనిషి. మండీలో ‘కానీ’ అంటే బేరం ముగిసినట్టే, బండి కదిలినట్టే. బయట జేసీబీ డ్రైవరు ఎదురుచూస్తున్నాడు. రాజేశ్వరి చెయ్యి ఊపింది. పొద్దుగుంకేసరికి గోడ, వాకిలి, రాయి అన్నీ నేలమట్టం. పిల్లల్లో ఒక్కరికీ గీత పడలేదు. ఆమె మినిట్స్ చిత్తు రాసి, ‘ఏకగ్రీవంగా తీర్మానించడమైనది’ అని ముగించి, సభ్యులందరికీ పంపింది.

మరునాడు అంజినప్ప ఫోను కలిసింది. “పిల్లోళ్ళు బాగుండారా?” అన్నాడు. బాగున్నారంది. “సరేమ్మా” అని పెట్టేశాడు. ఆమె తేలికపడింది. తేలికపడ్డాననే అనుకుంది.

కలత పెట్టింది ముద్దుకృష్ణ. గది కూల్చడానికి ఎవరెవరు ఒప్పుకున్నారో చెప్పమని సైగ చేశాడు. గిరిబాబు, నీలిమ, తాను అని చేతులతో చెప్పింది. అంజినప్ప దగ్గరికి వచ్చేసరికి చేతులు ఆగిపోయాయి. నోటితో అయితే ‘కానీ’ ఒకటే మాట. ‘జరగనివ్వండి’ అన్నా అదే, ‘అయితే’ అని అడ్డం చెప్పబోయినా అదే. చేతులకు ఆ సౌకర్యం లేదు. ఏదో ఒక సైగే చెయ్యాలి. ఏ సైగ చెయ్యాలో ఆమెకు తెలియదు. తెలియకుండానే ఏకగ్రీవమని రాసేసింది! వాడూ సరే అంటాండాడు లేప్పా అన్న చిన్నాయన గొంతు చెవిలో మోగింది. ఆమెకు తన మీద తనకే అసహ్యం వేసింది.

సభ రోజున గిరిబాబు ముందే వచ్చాడు. చిత్తు సవరిస్తానని ఆమె చెబితే తల పట్టుకున్నాడు.

“ఆయప్పను తీసేస్తే ముగ్గురే కదమ్మా! కోరం లేదని మనమే రాసుకున్నట్ల అవుతాది. సభ ధ్రువీకరించకుంటే గది కూల్చింది నీ సొంత పనైపోతుంది. యాల నెత్తికి తెచ్చుకుంటావు?”

“తెచ్చుకుంటానన్నా. ఆయన అనని మాట ఆయన పేరు కింద రాయను.”

సభ వేళైంది. అంజినప్ప వచ్చి, వాకిలి లేని ఖాళీ స్థలం ముందు అలవాటుగా చెప్పులు విప్పి, మళ్లీ తొడుక్కుని లోపలికి వచ్చాడు. కిటికీలోంచి రాజేశ్వరి అది చూసింది. లేచి నిలబడి సవరణ చదివింది: “శ్రీ అంజినప్ప ‘కానీ’ అన్న తరువాత లైను తెగినది. వారి అభిప్రాయం పూర్తిగా వినబడలేదు. నిర్ణయం వేళకు లైనులో ముగ్గురే ఉన్నారు, కోరం లేదు. ఏకగ్రీవం అని రాయడం కార్యదర్శి పొరపాటు.”

 గిరిబాబే అడిగాడు. “అంజినప్పన్నా, ఆపొద్దు ఏం చెప్పబోతివి?”

అంజినప్ప తువ్వాలు మడిచి ఒళ్లో పెట్టుకున్నాడు. “కానీ, వాకిలి మింద ఆయమ్మ పేరు రాయి ఉండాది, దాన్ని ముందు దించి పక్కన పెట్టండప్పా... అంటిని. లైను పోయిందని నాకేం తెలుసు? గట్టు మింద నిలబడుకోని అంతా చెప్పుకున్యా.”

రాజేశ్వరి కళ్లు నిండిపోయాయి. రాయి ముక్కలై మట్టితో పాటు లారీకెక్కి ఏనాడో పోయింది. “మరుసటి రోజు నాతో మాట్లాడితివి కదన్నా. యాల చెప్పలేదు?”

“అప్పటికే పడిపోయిందని తెలిసె. పడినంక రాయి మాటెత్తితే, పిల్లోళ్ళ కంటే నాకు రాయే ఎక్కువైనట్ల ఉంటాది కదమ్మా.” తువ్వాలు భుజాన వేసుకున్నాడు. “ఇప్పుడు ఆ మాట ఆపొద్దుటి రాతలో కలుపు. చాలు.”

ఇవ్వాలనే ఉంది ఆమెకు. ఆ ఒక్క వాక్యమైనా ఆయనకు ఇవ్వాలనే ఉంది. “కలపలేనన్నా. ఆపొద్దు మాకు వినపడింది ‘కానీ’ వరకే. నువ్వు ఈపొద్దు చెప్పింది ఈపొద్దుటి మినిట్స్‌లో రాస్తాను, ఒక్క అక్షరం పోకుండా.”

అంజినప్ప ఆమె ముఖంలోకి చూసి, తల ఊపాడు.

సవరించిన మినిట్స్ ఆమోదం పొందాయి. కానీ రాత సరైనదని ఒప్పుకున్నంత మాత్రాన చేసిన పని ఒప్పుకున్నట్టు కాదు. అది వేరే తీర్మానం. గిరిబాబు గొంతు సవరించుకుని చదివాడు: “కోరం లేకుండా తీసుకున్న కూల్చివేత నిర్ణయాన్నీ, దాని ప్రకారం కార్యదర్శి చేసిన పనినీ ఈ సభ ధ్రువీకరిస్తున్నది. సమ్మతించేవారు చెప్పండి.”

అందరూ అంజినప్ప వైపే చూశారు. ఆయన కాదంటే ఔననే ధైర్యం ఆ గదిలో ఎవరికీ లేదు. తలుపు దగ్గర ముద్దుకృష్ణ నిలబడి ఉన్నాడు. రాజేశ్వరి కలం పట్టుకుని తల వంచుకుంది.

అంజినప్ప నోరు తెరిచి, మళ్లీ మూశాడు. ముద్దుకృష్ణకు కూడా కనబడేలా కుడిచెయ్యి పైకెత్తాడు. ఆమె ఆయన పేరు రాసి ముగించేదాకా దించలేదు.