సగం తెర

మద్దిలపాలెంలో సెల్‌ఫోన్లు బాగుచేసే కొట్టు నాది. రెండు వేల తొమ్మిదిలో మా బావ ఈ-బుక్ రీడర్ ఒకటి బాగుచెయ్యమని పట్టుకొచ్చాడు. బావంటే మా అక్క మొగుడు. ఓడల్లో ఇంజన్ గదిలో పని. అక్క కిడ్నీలు చెడి డయాలసిస్ చేయించుకుంటోంది. సూదులున్న చెయ్యి కదపకూడదు. ఒంటిచేత్తో పుస్తకం తిప్పలేక విసుక్కుంటోందని సింగపూర్‌లో ఈ రీడర్ కొన్నాడు. పక్కనున్న బొత్తాం బొటనవేలితో నొక్కితే పేజీ మారుతుంది. దానికి తెలుగు రాదు. అందుకే అద్దె నవలలు స్కాన్ చేసి, పేజీలు బొమ్మల్లా ఎక్కించే పని నా నెత్తిన పడింది.

"ఒకే పేజీ కాడ ఆగిపోనాది బావా. పేజీ కనబడతంది గదా, పేణం ఉన్నట్టేనా?" అన్నాడు బావ. నన్నూ బావా అనే పిలుస్తాడు.

ఆ తెర తీరే వేరు. కరెంటు లేకపోయినా ఆఖరుగా చూసిన పేజీ దాని మీద అలాగే ఉండిపోతుంది. కనబడినంత మాత్రాన ఏమీ తేలదు. ఛార్జింగ్ పెట్టి, స్విచ్ వేలు నొప్పెట్టేదాకా నొక్కిపట్టాను. తెర నల్లబడి, తెల్లబడి, లేచింది. పుస్తకాలు ఎక్కడివక్కడే ఉన్నాయి. కొత్త అక్షరాల కింద పాత అక్షరాల నీడలు కొన్ని మిగిలాయి. నాలుగు పేజీలు తిప్పేసరికి అవీ పోయాయి.

కింది భాగం మాత్రం మారలేదు. పాత పేజీ చివరి నాలుగు లైన్లు అక్కడే ఉన్నాయి, వాటి మీద రెండు నిలువు గీతలు. మళ్ళీ రీసెట్ చేశాను, గీతలు జరగలేదు. వెనక మూత తీసి చూస్తే బేటరీ ఉబ్బలేదు. సాయంత్రం దాకా ఆన్‌లో ఉంచినా ఛార్జింగ్ పెద్దగా దిగలేదు. ఏటవాలుగా లైటు కింద పట్టుకుంటే పైపైన గీరుకున్న జాడ కూడా లేదు గానీ, లోపలి గాజులో వెంట్రుకంత పగులు మెరిసింది. విరిగింది తెర పేనెల్. ఆ రోజుల్లో ఈ ఊళ్ళో అది దొరికేది కాదు.

కూర్మన్నపాలెంలో వాళ్ళింటికెళ్ళి, రాత్రిళ్ళు దీన్నెక్కడ పెడుతున్నారని అక్కనడిగాను. బావ పరుపుకీ మంచం చెక్కకీ మధ్య దోపుతున్నాడట. ఓడ ఊగినప్పుడు వస్తువులు పడిపోకుండా వాళ్ళు అలాగే దోపుకుంటారు. మంచం ఊగదన్న సంగతి మనిషి మర్చిపోయాడు. అక్క పక్కకి ఒత్తిగిల్లింది, ఆ బరువుకి రీడర్ పని అయిపోయింది.

నాకు ఒళ్ళు మండింది. అంత డబ్బు పోసి కొని పరుపు కింద దోపుతాడా అని లేచాను. బావ వీధి చివర కొట్టుకెళ్ళాడు, రాగానే కడిగేద్దామనుకున్నాను.

అక్క చెయ్యి పట్టుకు ఆపింది. "సెప్పకురా. రేపు ఓడెక్కుతాడు. ఎనిమిది నెల్లు అదే మనసులో ఎట్టుకుని తిరుగుతాడు. బేటరీ పోనాదని సెప్పు."

చెప్పాను. "ఓస్, బేటరీయేనా!" అని బావ నవ్వేశాడు.

ఆయన వెళ్ళాక నేను ప్రతి పేజీనీ రెండుగా కోసి, పై భాగంలోనే వచ్చేట్టు మళ్ళీ ఎక్కించాను. కొన్నాళ్ళకి గీతలు పైకి పాకాయి. పేజీని మూడు ముక్కలు చేశాను. విసుగొచ్చి, ఇది పారేసి వేరేది కొందామన్నాను. "సగం తెరే సాల్రా, నిదానంగా సదూకుంటాను," అంది అక్క. నాకు ఏడుపొచ్చింది, దాన్ని కోపంగా మార్చుకుని బయటికొచ్చేశాను.

బావ సెలవులో దిగుతూనే ఏదో రేవులో కొన్న బేటరీ నా చేతిలో పెట్టాడు. అక్క కళ్ళతోనే వెయ్యమంది. శుభ్రంగా పనిచేస్తున్న బేటరీ తీసి, కొత్తది బిగించాను. తెర లేచింది. పైన అరచెయ్యంత మేర కథ, కింద గీతలు. "ఇప్పుడు బాగుంది," అంది అక్క. బావ తలూపాడు.

వీధి గుమ్మం దాకా నాతో వచ్చి, గొంతు తగ్గించాడు. "బేటరీ కొన్నాక మా ఓడలో ఎలక్ట్రీషియన్ని అడిగినాను బావా. గీతలు కదలకుండా ఉంటే బేటరీ కాదు, లోపల గాజు ఇరిగినట్టే అన్నాడు. పరుపులో దోపి నానే ఇరగ్గొట్టేసినాను. మీ అక్కకి సెప్పకు. తనే ఒత్తిగిల్లి ఇరగ్గొట్టినాననుకుని బాధపడతాది."

తిట్టాలని ఎనిమిది నెలలుగా దాచుకున్నవన్నీ వదిలేసి సరేనన్నాను. చెప్పులు విప్పి మళ్ళీ లోపలికెళ్ళాను.

"ఏటంటన్నాడు మీ బావ?" అంది అక్క, తెర మీంచి కళ్ళెత్తకుండా.

"బేటరీ మంచిదేనట," అన్నాను.