అక్క పరుపులో గుంట

దగ్గరికి జరిగి కూర్చోండి. గోడకు ఆనుకుని కాళ్లు చాపుకోండి, తప్పేం లేదు. మా బావ పంపిన ఫోటోల సంగతి చెబుతాను. వింటే మీకు నవ్వొస్తుంది గానీ, ఆ రోజు నాకు మాత్రం తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది.

మాది హిందూపురంలో పరుపులు కుట్టే అంగడి. మా ఆయన మిషను మీద దూది ఏకుతాడు. నేను గుడ్డ కుట్టి, దూది నింపి, మధ్యమధ్య దారం గుచ్చి ముడులు వేస్తాను. ఇదివరకు జనం పరుపును మోసుకుని వచ్చేవాళ్లు. ఇప్పుడు ఫోన్లో ఫోటో పంపించి, బాగవుతుందా, కొత్తది కొనాలా చెప్పమంటారు. మరక అంచు చూసి, గుంట లోతు చూసి చెప్పడం నాకూ అలవాటైపోయింది. నేను చెప్పింది తప్పదని కాస్త పొగరు కూడా ఉండేది, దాచుకోవడం ఎందుకు.

మా అక్కను నల్లమాడ దగ్గరి పల్లెలో ఇచ్చారు. ఒకరోజు తెల్లారి మంచం దిగబోతూ పడి తుంటి విరగ్గొట్టుకుంది. అనంతపురం ఆసుపత్రిలో ఆపరేషన్ అయింది. కొడుకు ఆమె దగ్గర ఉన్నాడు. ఇంట్లో బావ, కోడలు ఉన్నారు. ఎల్లుండి ఇంటికి పంపిస్తామని, పడక మాత్రం చదునుగా, గట్టిగా ఉండాలని, కూర్చుంటే కిందికి దిగబడకూడదని డాక్టరు ఒకటికి పదిసార్లు చెప్పాడట. దిగబడితే తుంటి మీద బరువు పడుతుంది, లేవడం కష్టం, లేవబోయి మళ్లీ పడితే ఇంక చెప్పేదేముంది.

పొద్దున్నే అక్క ఆసుపత్రి నుంచి ఫోన్ చేసింది.

"ఏమే చెల్లీ, నా పరుపు సంగతి నీకే వదిలేసినా. ఆ గుంటలో మల్లా పండుకుంటే నన్ను పైకి తీసేకి జేసీబీ రావల్ల. మీ బావ బాగుండాది, బాగుండాది అంటాడు. ఆయప్ప మాట నమ్మొద్దు."

బాగుచేయాలంటే పరుపు ఆ సాయంత్రానికి నా దగ్గర ఉండాలి. విప్పి, ఏకి, కుట్టడానికి ఒక రోజు పడుతుంది. కొత్తదంటే కొడుకు అనంతపురంలోనే కొని, అక్కతో పాటు బండిలో తెస్తాడు. ఏదైనా మధ్యాహ్నంలోగా తేల్చాలి. బావను ఫోటోలు పంపమన్నాను.

మొదటి ఫోటో వచ్చింది. మంచం మీద ఎర్రపూల దుప్పటి, దాని మీద మడత పెట్టిన ఇంకో దుప్పటి, రెండు దిండ్లు. పెళ్లివాళ్లు వస్తున్నట్టు సర్ది పెట్టాడు.

"బావా, నేను అడిగింది పరుపు. దుప్పటి కాదు."

"దుప్పటి కిందనే ఉండాది కదమ్మే పరుపు."

రెండో ఫోటోలో సగం పరుపు, సగం ఆయన బొటనవేలు. మూడోది మంచం పక్కన నిలబడి సరిగ్గా పైనుంచి తీశాడు. పైనుంచి తీస్తే ఎంత గుంట అయినా బల్లలాగే కనిపిస్తుంది. పక్కనుంచి, మంచం ఎత్తుకు వంగి తీయమన్నాను.

"నా నడుము వంగదు. నీకు పరుపు కావల్నా, నేను కూడా ఆసుపత్రికి పోవల్నా?"

"కోడలికి ఇయ్యి ఫోను!"

కోడలు పాపం వంగి తీసింది. అప్పుడు కనపడింది గుంట. మంచం కిటికీ పక్కన ఉంటుంది, తల కిటికీ వైపు. సరిగ్గా వీపు, నడుము ఆనే చోట దిగిపోయి ఉంది. దాని పక్కనే, తలవైపు, గోధుమరంగు అంచుతో పెద్ద మరక.

లోతెంతో తెలియాలి కదా. తల దగ్గరి నుంచి కాళ్ల దాకా ఒక తిన్నటి కర్ర పెట్టి, కర్రకూ గుంటకూ మధ్య ఎన్ని వేళ్లు పడతాయో చూసి ఫోటో తీయమన్నాను. బావ కర్రను అడ్డంగా పెట్టాడు. అది గుంటలోనే పడుకుంది.

"చూసినావా, కర్రకూ పరుపుకూ సందే ల్యా!" అని గెలిచినట్టు చెప్పాడు.

"కర్ర కూడా గుంటలోనే పడింది బావా! నిలువుగా పెట్టు, తల నుంచి కాళ్లకు!"

"అరవాకమ్మే. అంగడికి వచ్చినోళ్లతోనూ ఇట్లనే అరుస్తావా?"

"వాళ్లు కర్ర తిన్నగా పెడతారు."

చివరికి పెట్టాడు. నాలుగు వేళ్లు పట్టింది. దూది పరుపు ఒకే చోట నాలుగు వేళ్లు దిగిందంటే లోపల దూది చచ్చి, పక్కలకు జరిగిపోయిందని నా లెక్క. దాని పక్కన అంత మరక. నేను ఇంకేం ఆలోచించలేదు. "పారేయండి, కొత్తది తెప్పించుకోండి" అనేశాను. అక్క కొడుకుకూ చెప్పాను, గట్టిది చూసి కొనమని.

బావ మండిపడ్డాడు. "ఫోటో చూసి మనిషికి జబ్బు చెప్తారా? పరుపుకు మాత్రం చెప్తావు నువ్వు! కాళ్లపక్క శానా బాగుండాది. తిప్పి ఏస్తా చూడు" అని ఫోన్ పెట్టేశాడు.

గంట గడవకముందే ఇంకో ఫోటో పంపాడు. నా మీద కోపంతో పరుపును తలవైపుది కాళ్లవైపుకు తిప్పి వేసి, కోడలితో తీయించాడు. బాగున్న భాగం ఎంత బాగుందో చూపిద్దామని. నేను విసుగ్గా చూసి పక్కన పెట్టబోయాను. మళ్లీ చూశాను.

మరక కాళ్ల దగ్గరికి వెళ్లిపోయింది. గుంట మాత్రం వెళ్లలేదు. కిటికీ వైపు, ఇంతకు ముందు ఎక్కడుందో అక్కడే ఉంది. ఆయన శానా బాగుందని తెచ్చి వేసిన భాగమే ఇప్పుడు నాలుగు వేళ్లు దిగి కూర్చుంది.

పాత ఫోటో, కొత్త ఫోటో మార్చి మార్చి చూశాను. గుంట పరుపుదైతే మరకతో పాటు అది కూడా తిరగాలి. తిరగలేదంటే అది పరుపుది కాదు, మంచానిది. ఇన్నేళ్లుగా పరుపులు కుడుతున్నాను, పొద్దుట్నుంచి బావ మీద అరుస్తున్నాను, మంచం ఫోటో ఒక్కటి అడగాలని నాకు తోచలేదు చూడండి! కొత్త పరుపు కొని వేసినా అదే గుంటలో పడేది, మా అక్క కూడా అందులోనే పడేది.

వెంటనే ఫోన్ చేశాను. "బావా, పరుపు ఎత్తి మంచం చూపించు."

"మంచం యాలమ్మే? నువ్వు పరుపులు కుట్టేదానివా, వడ్రంగి పని చేసేదానివా?"

"చూపించు అంటున్నా కదా."

"చేలో పని ఉండాది" అని పెట్టేశాడు. పొద్దుట్నుంచి లేని చేలో పని అప్పుడే గుర్తొచ్చింది.

కోడలికి చేశాను. ఆమె గొంతు తగ్గించి, "చిన్నత్తా, మామ బయటికి పోయినాడు. నేను ఎత్తి తీస్తాండా, ఉండు" అంది.

ఫోటో వచ్చింది. ఆ మంచానికి అడ్డంగా పరిచిన చెక్క పలకలు ఉంటాయి, వాటి మీద పరుపు. నడుము దగ్గర రెండు పలకలు లేవు. ఆ సందులో ఇటు కమ్మీ నుంచి అటు కమ్మీకి నవారు చుట్టి కట్టి ఉంది. ఆ నవారు సాగి సాగి ఉయ్యాలలాగా వేలాడుతోంది.

బావను మళ్లీ పట్టుకోవడానికి నాలుగుసార్లు ఫోన్ చేయాల్సి వచ్చింది.

"పలకలు యాడికి పోయినాయి బావా?"

"ఇత్తనం శెనక్కాయ మూటలు నేల మీద పెడితే చెదలు పడతాది కదమ్మే. రెండు పలకలు తీసి వాటి కింద ఏసినా. ఊరికేం వదల్ల. నవారు బిగించి కట్టినా."

"బిగించిన నవారు రోజూ ఒక మనిషి పడుకుంటే సాగదా?"

"సాగుతాదని నాకేం తెలుసు."

"ఎప్పుడు తీసినావు?"

"శెనక్కాయ పంట ఇంటికి వచ్చినప్పుడు."

"అక్క నడుము నొప్పి అని వేడినీళ్ల సంచి పెట్టుకునేది ఎప్పటి నుంచి?"

"ఇప్పుడు ఏం చేయల్లో చెప్పు" అన్నాడు బావ. పొద్దుట్నుంచి ఆ మనిషి నన్ను అడిగిన మొదటి మంచి మాట అది.

కొడుక్కు ఫోన్ చేసి కొనొద్దని ఆపాను. "పిన్నమ్మా, ఒక మాట మీద ఉండవా?" అని వాడూ విసుక్కున్నాడు. పడాల్సిందే కదా, పడ్డాను.

ఇంక మరక సంగతి తేలాలి. గుంట మంచానిదే అయినా, మరక లోపలికి దిగి కుళ్లి ఉంటే ఆ పరుపు పనికిరాదు. నీళ్ల సంచి కారిన మరక అని కోడలు చెప్పింది. వెనకవైపు ఫోటో తీయించాను. అక్కడ మరక లేదు, అంటే అడుగుదాకా దిగలేదు. నల్లచుక్కలు ఉంటే బూజు. దగ్గరి నుంచి తీసిన ఫోటోలో చుక్కలు కనిపించాయి గానీ, అవి గుడ్డ మీద అచ్చువేసిన పూలేనని పక్క భాగం చూస్తే తెలిసింది. ఇక ఫోటోలో తెలియనిది వాసన ఒక్కటే.

"ముక్కు పెట్టి చూడమ్మా."

"దూది వాసనే చిన్నత్తా. ముక్కవాసన ల్యా. అదిమితే తడి కూడా ల్యా."

"అయితే పంపించు. బాగవుతుంది."

మన ఎండలకు నీళ్ల మరక ఆరడానికి ఎంతసేపు? టమోటాలు తోలే బండిలో పరుపు సాయంత్రానికి వచ్చింది. విప్పాను. మరక కింద అరచేతి మందాన దూది గడ్డకట్టి ఉంది, అంతవరకు తీసి పారేశాను. మిగిలింది మా ఆయన ఏకితే పొంగింది. తక్కువైనంత కొత్త దూది కలిపి, మామూలు కంటే గట్టిగా కూరి, ముడులు దగ్గర దగ్గరగా వేసి కొత్త గుడ్డలో కుట్టాను. అక్క ఇంటికొచ్చే రోజు పొద్దున్నే పరుపుతో పాటు నేనూ ఆ బండిలోనే వెళ్లాను. ఈసారి ఫోటోను నమ్మదలచుకోలేదు.

వెళ్లేసరికి పలకలు మంచానికి తిరిగొచ్చాయి. నవారు విప్పేసి ఉంది. బావ మూటల్ని బండల మీదికి ఎత్తించాడట. మేకులు కొట్టి, పలకల మీద తనే ఎక్కి నిలబడి చూపించాడు. ఒక్క మాట కూడా దెప్పలేదు నేను. దెప్పడానికి నోరు దురద పెట్టింది, నిజం.

కొడుకు అక్కను తీసుకొచ్చాక, బండి దింపి మంచం అంచున కూర్చోబెట్టాం. పాదాలు నేలకు ఆనాయి. మోకాళ్లు తుంటి కంటే పైకి లేవలేదు. అరచేత్తో పరుపును రెండుమూడు చోట్ల అదిమి చూసుకుంది. పలకల సంగతి కొడుకు దారిలోనే చెప్పేశాడు ఆమెకు. బావ గుమ్మంలోనే నిలబడి ఉన్నాడు, లోపలికి రాలేదు.

"ఏమప్పా, ఆడనే నిలబడితివి?" అంది అక్క. "శెనక్కాయలకు చెదలు పట్టకుండా చూసుకుంటివి. నాకేం పడితే ఏమిలే అనుకుంటివా?"

"తప్పయిపోయింది" అన్నాడు బావ. ఆయన నోటి నుంచి ఆ మాట నేను ఎప్పుడూ వినలేదు.

"ఈసారి పలకలు కావల్లంటే నన్ను అడుగు. తలుపు ఊడదీసి ఇస్తా."

నేను అక్కడ ఇంకో నాలుగు రోజులు ఉన్నాను. మొదట్లో నేనూ కోడలూ చెరో చెయ్యి పట్టుకుని లేపేవాళ్లం. నాలుగో రోజు పొద్దున నేను వంటింట్లో ఉండగా, ఆసుపత్రి నుంచి తెచ్చిన నడక బండి చక్రం కిర్రుమంది. వెళ్లి చూద్దును కదా, అక్క ఎవరినీ పిలవకుండా తనంతట తానే మంచం దిగి నిలబడి ఉంది. బావ రెండు చేతులూ చాచి ఎదురుగా నిలబడ్డాడు, ముట్టుకోకుండా. "పక్కకు జరుగు, దావకు అడ్డం నిలబడితే ఎట్ల నడిచేది?" అని ఆయన్ని అదిలించి, గుమ్మం దాకా నడిచింది.

అదీ సంగతి. ఇంతసేపు ఓపిగ్గా విన్నారు. మీ ఇల్లు పచ్చగా ఉండాలి, మీ వాళ్లు హాయిగా నిద్రపోవాలి, తెల్లారి ఎవరి చెయ్యీ పట్టుకోకుండా ఎవరికి వాళ్లు లేచి నడవాలి. చల్లగా ఉండండి.