మనవరాలి పరిచయంలో పరాయివాళ్ల పేరు

“నాన్నా, ఆళ్ల పేరెందుకు రాసేవు? నిన్నెవరు రాయమన్నారు?”

“రాత్తే ఏటయిపోనాదమ్మా? ఈ ఊళ్లో ఎవడైనా ముందడిగేదేటి? ‘ఆ పిల్ల దగ్గరికి ఎవులెల్తన్నారు’ అనే గదా! పెద్దోళ్ల పేరు సూత్తేనే మిగతావోళ్లు మెట్లెక్కుతారు.”

“మెట్లెక్కడం కాదు, నా సర్టిఫికెట్టు పోతాది!”

ఆ మాట వినగానే నా చేతిలో చేట ఆగిపోయింది. నా కొడుకూ మనవరాలూ వసారాలో ఎదురెదురుగా నిలబడి అరుచుకుంటున్నారు. మనవరాలు చార్టర్డ్ అకౌంటెంటు. నర్సీపట్నం బస్టాండు దగ్గర బట్టల కొట్టు పైన గది అద్దెకు తీసుకుని, స్నేహితురాలితో కలిసి చిన్న ఆఫీసు నడుపుతోంది. కొడుకుది బెల్లం వ్యాపారం.

ఆ ఆఫీసుకు కొత్తగా వెబ్‌సైటు పెడుతున్నారు. అందులో మనవరాలి గురించి నాలుగు మాటలు ఉండాలట. మనవరాలు అవి ఇంగ్లీషులో రాసుకుని, “బెల్లం కొట్టువాళ్లకి అర్థమయ్యేలా తెలుగు చెయ్యి నాన్నా” అని తండ్రికిచ్చింది. వాడు తెలుగు చేయడంతో ఆగలేదు. ‘మన ప్రాంతంలో నంబర్ వన్’ అని చేర్చాడు. జీడిపప్పు ఫ్యాక్టరీ అన్నదమ్ముల పేరు రాసి, వాళ్లకొచ్చిన జీఎస్టీ నోటీసును తన కూతురే సెటిల్ చేసిందని కూడా రాశాడు. కూతురికి చూపించకుండా వెబ్‌సైటు కుర్రాడికి పంపించాడు. అతను అలాగే పెట్టేశాడు. పైగా కొడుకు ఆ లింకును బెల్లం వర్తకుల వాట్సాప్ గ్రూపులో వేశాడు.

“అయితే ఏటే? మంచే సెప్పేడు గదా,” అన్నాను.

మనవరాలు నా పక్కన కూలబడింది. “నానమ్మా, మేం గొప్పలు చెప్పుకోకూడదు. పని ఇమ్మని అడుక్కోకూడదు. వచ్చినవాళ్ల సంగతి బైటపెట్టకూడదు. మా ఇన్‌స్టిట్యూట్ రూలది. ఆ జీడిపప్పు వాళ్లు కంప్లయింటు ఇస్తే ఇన్‌స్టిట్యూట్ వాళ్లు నన్ను విచారణకి పిలుస్తారు. తప్పని తేలితే ప్రాక్టీసే ఆపెయ్యొచ్చు.”

నేను ఐదో తరగతితో బడి మానేసినదాన్ని. రూలు సంగతి నాకు తెలియదు. కానీ ఇంటికి నోటీసొచ్చిందని ఊరంతా చదవడమంటే ఏమిటో తెలుసు. చేట కింద పెట్టేశాను.

“ఏరా, నీకొచ్చిన నోటీసైతే ఇలాగే గోడకి అంటిత్తువా?” అని కొడుకును అడిగాను.

వాడు ఫోను తీసి గ్రూపులో పెట్టింది చెరిపాడు. అప్పటికే చాలామంది చూసేశారు. వెబ్‌సైటు కుర్రాడు ఫోనెత్తడం లేదు. మనవరాలు మళ్లీ మళ్లీ చేస్తోంది. ఫోను మోగినప్పుడల్లా ముగ్గురం ఉలిక్కిపడ్డాం. ఒకసారి గ్యాస్ బండవాడు, ఒకసారి ఎవరో లోనిస్తామని. వీధిలో బండి ఆగితే కొడుకు కిటికీ చాటుకు తప్పుకున్నాడు. ఎప్పుడూ గట్టిగా మాట్లాడేవాడు అలా తప్పుకోవడం చూస్తే నాకు ఇంకా భయమేసింది.

దీపాలు పెట్టే వేళకు కుర్రాడు దొరికాడు. కృష్ణదేవిపేటలో పెళ్లికి వెళ్లాడట. పేజీ తీసేశాడు. మనవరాలు వెంటనే జీడిపప్పు వాళ్ల పెద్దాయనకు ఫోను చేసి, జరిగింది చెప్పి క్షమించమంది. ఆయన అంతా విని, “పొద్దున్నే వస్తాను,” అని పెట్టేశాడు. ఎందుకొస్తాడో ఎవరికీ తెలియదు.

“కూకుని ఏడిత్తే ఏటొస్తాది? ఆ పరిచయం బేగి మళ్లీ రాయి,” అన్నాను మనవరాలితో.

“ఏం రాయమంటావు? నువ్వు కొట్టు పెట్టావనుకో, నా దగ్గరికి రావడానికి నీకేటి భయం?”

“నాకర్థం కాని కాగితం మీద సంతకం పెట్టమంటారని. అడిగితే నవ్వుతారని.”

మనవరాలు రాసి చదివింది: ‘చార్టర్డ్ అకౌంటెంట్. కుటుంబాలు కలిసి నడిపే వ్యాపారాల ఖాతాలు, జీఎస్టీ, ఆదాయపు పన్ను, ఆడిట్ పనులు చూస్తారు. రిటర్ను వేసే ముందు ప్రతి అంకె ఎక్కడినుంచి వచ్చిందో చూపించి, మీకు అర్థమయ్యాకే సంతకం అడుగుతారు. తెలుగులో మాట్లాడవచ్చు. ఇంట్లో పెద్దవాళ్లూ వచ్చి కూర్చోవచ్చు. ఎంత చిన్న సందేహమైనా అడగవచ్చు.’

“గొప్ప ఒక్కటీ నేదేటి?” అన్నాడు కొడుకు నీరసంగా.

“నోర్ముయ్,” అన్నాను.

పొద్దున్న నేనూ కొడుకూ కూడా ఆఫీసుకు వెళ్లాం. పెద్దాయన మెట్లెక్కి వచ్చాడు గానీ కూర్చోలేదు. నా కొడుకు ఎదురెళ్లి చేతులు జోడించాడు. “తప్పు నాదండీ. పిల్లకి తెలీదు.”

“తెలుసు. గ్రూపులో వేసింది మీరేనని విన్నాను. అయినా ఫోన్లో తను తప్పు మీ మీదకి తోయలేదు,” అన్నాడాయన. తర్వాత మనవరాలి వైపు తిరిగాడు. “కంప్లయింటు ఇవ్వనమ్మా. కానీ ఇంక మా పని నీ దగ్గరుంచడానికి మా తమ్ముడు ఒప్పుకోడు. మా ఫైళ్లిచ్చెయ్.”

మనవరాలు ఫైళ్లన్నీ తీసి, ఏది ఏమిటో ఒక్కొక్కటీ చూపించి అప్పగించింది. ఆయన సంచిలో పెట్టుకుని దిగి వెళ్లిపోయాడు. మనవరాలు కళ్లు తుడుచుకుని కంప్యూటరు ముందు కూర్చుని, కొత్త పరిచయాన్ని ఇంకోసారి చదివి కుర్రాడికి పంపింది.