నాలుగో అంతస్తులో దొరికిన పైపు ముక్క

మా వదినతో వేగడం మాటలు కాదు. ఇంట్లోనూ ఆవిడే, హోటల్లోనూ ఆవిడే. నేను లాండ్రీలో దుప్పట్లు మడతపెడుతుంటాను, గోడకి అవతల ఆవిడ గది. అతిథులు మర్చిపోయి వెళ్ళిన వస్తువులన్నీ అక్కడికే చేరతాయి.

చొక్కా గుండీ దొరికినా సరే, ఏ గది, ఏ తేదీ, ఎక్కడ దొరికింది, ఎవరు తెచ్చారు, ఎలా ఉంది, అన్నీ రిజిస్టర్లో రాసి, నంబరు వేసి, సంచీలో పెట్టి సీలు వేయాల్సిందే. తినేవైతే మర్నాటికల్లా పారేస్తారు. నగలూ పాస్‌పోర్టులూ మేనేజరు లాకర్లోకి పోతాయి. మిగతావి తొంభై రోజులు అలమారలో ఉంటాయి. "నీకు చాదస్తం వదినా, చెత్తకి కూడా జాతకం రాస్తావు," అని నేను ఏడిపిస్తే, "చెత్తో కాదో చెప్పాల్సింది పోగొట్టుకున్నవాళ్ళు, నువ్వు కాదు," అని నా నోరు మూయించేది.

ఆ రోజు మధ్యాహ్నం మూడింటికి ఒకాయన చెమటలు కక్కుకుంటూ వచ్చాడు. చేతిలో పొడుగాటి పెట్టె. క్లారినెట్ వాయిస్తాడట. మూడు నెలల కిందట వాళ్ళ బృందంతో వచ్చి మా హోటల్లో దిగాడు. నోట్లో పెట్టుకుని ఊదే ముక్క ఇక్కడే పోయింది.

"రెండుసార్లు ఫోన్ చేశానండీ. లేదన్నారు. సాయంత్రం ఐదున్నరకి ఆర్కెస్ట్రాలో పర్మినెంటు ఉద్యోగానికి పరీక్ష. అరువు ముక్కతో వాయిస్తే నా శబ్దం నాకే పరాయిగా ఉంది. పరీక్ష ఈ ఊళ్ళోనే కదా, ఆఖరి ఆశగా వచ్చాను."

లేదని చెప్పింది మా వదినే. రిజిస్టరంతా వెతికింది, క్లారినెట్ అన్న మాటే లేదు.

"ఎలా ఉంటుందో చెప్పండి," అంది.

"నల్లగా, వేలెడు పొడుగు, గొట్టంలా ఉంటుంది. ఒక చివర ఏటవాలుగా చెక్కి ఉంటుంది. కడిగి బాత్రూంలో ఆరబెట్టాను."

వదిన మొహం పాలిపోయింది. గబగబా పేజీలు తిప్పింది. ఎనభై ఎనిమిది రోజుల కిందటి పేజీలో ఆవిడ చేత్తోనే రాసి ఉంది: "నల్ల పైపు ముక్క, బాత్రూం, నాలుగో అంతస్తు." కుళాయి సామాననుకుంది మహాతల్లి! ఇంకో రెండు రోజులు ఆగితే చెత్తబుట్టే గతి.

"తప్పు నాదేనండీ," అంది. అలా అనడం నా జన్మలో మొదటిసారి విన్నాను.

ఆయన చేయి చాపాడు. ఈవిడ ఇస్తేనా? గది ఈయన పేరు మీద లేదు, బృందం నాయకుడి పేరు మీద ఉంది. "నాయకుడి నంబరు నేనిస్తాను," అన్నాడాయన. "వద్దు. గది తీసుకున్నప్పుడు ఆయన ఇచ్చిన నంబరుకే చేస్తాను." చేసింది, ఎత్తలేదు. మళ్ళీ చేసింది, ఎత్తలేదు. నాలుగైంది. మేనేజరు వచ్చి, "ఇచ్చెయ్యమ్మా, పాపం, దొంగలా ఉన్నాడా?" అన్నాడు. నాకూ ఒళ్ళు మండిపోయింది. "ఇచ్చెయ్ వదినా, మనిషి ఏడ్చేలా ఉన్నాడు!"

"పొరపాటున రాసింది చాలదా, పొరపాటున ఇవ్వమంటావా?" అని కసిరి, మళ్ళీ అదే నంబరు నొక్కింది.

నాలుగుంబావుకి ఎత్తాడు మహానుభావుడు. విషయం విని, "వాడిదేనమ్మా, ఇచ్చెయ్యండి," అని అదే నంబరు నుంచి మెసేజీ కూడా పంపాడు. అయినా సంచీ బయటికి తీయలేదు ఈవిడ.

"ఆ ముక్క మీద గుర్తేమైనా ఉందా?"

"పైన సైకిల్ ట్యూబు ముక్క కత్తిరించి అతికించాను, పళ్ళు జారకుండా. రెండు పళ్ళ గుంతలుంటాయి. ఎడమది లోతు."

అందరి ముందూ సీలు తెంచింది. రబ్బరు ముక్క, రెండు గుంతలు, ఎడమది లోతు! ఆయన గుర్తింపు కార్డు చూసి, నంబరు రాసుకుని, సంతకం పెట్టించి, సాక్షిగా నా చేత కూడా పెట్టించి, అప్పుడిచ్చింది. ఆయన దాన్ని కళ్ళకద్దుకుని, అక్కడే బిగించి ఒక్కసారి ఊదాడు. లాండ్రీలో మిషన్ల దగ్గరున్నవాళ్ళంతా బిలబిలమంటూ వచ్చి గుమ్మంలో నిలబడ్డారు. "చాల్లెండి, టైమైంది!" అని వదినే ఆయన్ని బయటికి తరిమి, తన చేత్తో ఆటో ఆపింది.

ఏడింటికి డ్యూటీ అయిపోయినా ఆవిడ కదల్లేదు. నేనూ ఆగాను. ఏడున్నరకి ఫోన్ మోగింది.

"వచ్చిందండీ! ఉద్యోగం వచ్చింది! అమ్మకి చెప్పాను, వెంటనే మీకే చేస్తున్నాను."

వదిన ఫోన్ పెట్టేసి, కుర్చీలో కూలబడి, పగలబడి నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది.

"పదహారేళ్ళుగా ఇస్తున్నానే పిల్లా," అంది. "తీసుకెళ్ళాక ఏమైందో ఒక్కరూ చెప్పలేదు. ఇదే మొదటిసారి."