ఎర్రగీత పడని పేర్లు

మా పెదనాయిన తాను అరవై దాటనని యాభై నాలుగో ఏటనే తేల్చుకున్నాడు. అందుకు ఆయన బాధపడ్డట్టు ఏమీ కనిపించేది కాదు. బస్సు ఎన్ని గంటలకో కనుక్కున్న మనిషిలా నిదానంగా ఉండేవాడు. ఆయన తండ్రి యాభై ఎనిమిదికి పోయాడు, తాత అంతకు కొంచెం ముందే. మా ఇంట్లో మగవాళ్లు సమయపాలన తెలిసినవాళ్లని ఆయన నమ్మకం.

చిన్నప్పటి నుంచి నన్ను సాకింది ఆయనా, పెద్దమ్మానే. సూర్యాపేట తాలూకా ఖజానాలో ఆయన గుమాస్తా. వజీఫాల రిజిస్టరు ఆయన చేతిలో ఉండేది. వజీఫా అంటే నౌకరీ దిగినవాళ్లకు సర్కారు బతికినన్నాళ్లూ నెలనెలా ఇచ్చే పింఛను. మనిషి పోతే వజీఫా కూడా పోతుంది, భార్యకు ఏమీ రాదు. నేను లెక్కల్లో బీయే చదివి వచ్చి బీమా ఏజెంటునయ్యాను. ఆ ఏడాది నేను చేయించిన పాలసీలను వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు, ఒక చేయి ఖాళీగానే ఉండేది.

నవాబు పాలన పోయి సర్కారు మారిన మరుసటి ఏడాది, యాభై అయిదు నిండబోతుండగా పెదనాయిన నన్ను పిలిచి కాగితం ముందర పెట్టాడు.

“అరే, దరఖాస్తు రాయి. సగం వజీఫా ఇడిసిపెడుతున్న. దాని బదులు పైకమంత ఒక్కసారే ఇయ్యమని రాయి.”

“ఇడిసిన సగం మళ్ల రాదు కద, పెదనాయినా?”

“ఎందుకొస్తది? నేనుంటేగద! మిర్యాలగూడల మీ పెద్దమ్మ తమ్ముని ఇంటి పక్క జాగ ఉంది. మిద్దె కడత. మిగిలింది అయిదేండ్లు మంచిగ తింట. ఇగ ఖతం.”

లోపలి నుంచి పెద్దమ్మ అడిగింది. “మీరు ఖతమైతరు, బాగనే ఉంది. నేనేం తినాలె? మిద్దెనా?”

పెద్దమ్మ ఆయనకంటే పదేళ్లు చిన్నది. ఆ లెక్క దరఖాస్తులో లేదు.

నేను బీమా పుస్తకం తెచ్చాను. అందులో ఆయుర్దాయం పట్టిక ఉంటుంది. లక్షమంది పుడితే ఏ వయసుకు ఎందరు మిగులుతారో, ఆ మిగిలినవాళ్లు సగటున ఇంకెన్నేళ్లు బతుకుతారో వరుసగా రాసి ఉంటుంది. పెదనాయిన నా చేతిలోంచి లాక్కుని మొదటి వరస మీద వేలు పెట్టాడు. పుట్టినవాళ్లకు సగటు ఆయుష్షు ముప్పై కూడా లేదు.

“సూసినవా? నీ బుక్కే చెప్తుంది. నేను జర ఎక్కువనే బతికిన.”

“గా లెక్కన నువ్వు పోయి పాతికేండ్లయింది, పెదనాయినా. గది పసిపిల్లల వరస. ఏడాది నిండకుండ పోయినోళ్లందరూ కలిసి సగటును కిందికి గుంజిండ్రు. నువ్వు గా గండాలన్నీ దాటినవ్. నీ వరస గిది.”

యాభై అయిదు దగ్గర ఇంకా పన్నెండేళ్ల పైనే ఉంది. అదీ సగటే, దాదాపు సగంమంది అంతకంటే ఎక్కువే బతుకుతారని చెప్పాను. పెద్దమ్మ వరసలో ఇంకా ఎక్కువే ఉంది. ఆయన పుస్తకం మూసి నాకిచ్చాడు.

“గిది బుక్కు. నేను మనుషులను సూసిన. నౌకరీ దిగినోడు అయిదేండ్లు ఉండడు. పదిహేనేండ్ల సంది నా చేతులతోని గీతలు కొడుతున్న.”

ఆయన పొరపాటు ఎక్కడుందో నాకు అప్పుడు అర్థమైంది. వజీఫాదారు పోతే పెదనాయినకు చాలా పని. ఊరి లెక్కలు రాసే పట్వారీ నుంచి కాగితం తెప్పించాలి, పైవాళ్లకు ఉత్తరం రాయాలి, చివరికి పేరు మీద ఎర్రసిరాతో గీత కొట్టాలి. ఇంటికి వచ్చి భోజనం దగ్గర ఆ పోయినవాడి గుణగణాలు చెప్పాలి. బతికి ఉన్నవాడు వచ్చి వేలిముద్ర వేసి పోతాడు. వాడి గురించి ఎవరూ భోజనం దగ్గర మాట్లాడరు. పదిహేనేళ్లలో ఆయనకు గుర్తున్నవన్నీ ఎర్రగీతలే.

“రిజిస్టరు తీసి లెక్కపెడదాం. నువ్వు గెలిస్తే దరఖాస్తు నా చేతులతోనే రాస్త” అన్నాను.

ఒకటో తారీఖున ఖజానాకు పోయాను. వరండాలో ముసలివాళ్ల వరస. బతికే ఉన్నామని చూపించడానికి స్వయంగా రావాలి, ఆ పని అందరూ శ్రద్ధగా చేస్తున్నారు. పెదనాయిన రిజిస్టరు చేపట్టిన ఏడాది వజీఫాలో చేరినవాళ్లు పద్నాలుగు మంది. ఎర్రగీతలు ఆరు. అయిదేళ్ల లోపల పడ్డవి రెండే. ఆయన రెండోసారి లెక్కపెట్టాడు. మూడోసారి కళ్లద్దాలు తుడుచుకుని లెక్కపెట్టాడు.

“మిగిలినోళ్లు ఏడ ఉన్నరు?” అన్నాడు.

“బయట నిలబడ్డరు. నీ లెక్క ఎప్పుడైతదా అని ఎదురు సూస్తున్నరు.”

వాళ్ల ముందు కోదాడ నుంచి వచ్చే పాత హెడ్మాస్టరుగారు నిలబడి ఉన్నారు. ఆయన వజీఫా ఈ రిజిస్టరు కంటే పాతది. ఇరవై ఆరేళ్లుగా తీసుకుంటున్నారు. ఎన్నోసార్లు ఎండలో వచ్చి, అన్నిసార్లూ నిక్షేపంగా వెనక్కి పోయారు. సంగతి విని నవ్వారు.

“నేనూ సగం అమ్ముకున్నానండీ. మా నాన్న అరవై చూడలేదు, నేనూ చూడననుకున్నా. ఆ డబ్బు అరవైకల్లా అయిపోయింది. నేను అవలేదు.”

పెదనాయిన కలం కింద పెట్టాడు.

“సగం వజీఫాతో ఇరవై ఆరేళ్లండీ” అన్నారు ఆయన. “అప్పుడు రూపాయికొచ్చే బియ్యం ఇప్పుడు ఎన్ని రూపాయలకొస్తున్నాయో మీకు తెలుసుగా? వజీఫా మాత్రం పెరగలేదు. పట్నం డాక్టరు నన్ను చూసి ‘భేషుగ్గా ఉన్నారు’ అంటే ఏడుపొచ్చిందండీ, నిజం చెబుతున్నా.”

“కొత్త సర్కారు వజీఫా ఆపితే?” పెదనాయిన చివరి అస్త్రం తీశాడు.

“సర్కారు మారినాక కూడా మీ చేతి మీదుగానే తీసుకుంటున్నా గదండీ! ఇంతకీ ఇస్తున్నారా, మళ్లీ రమ్మంటారా?”

పెదనాయిన ఇచ్చాడు. ఆ రోజు హెడ్మాస్టరుగారి చేత సంతకం పెట్టించిన తీరులో కొంత గౌరవం కనిపించింది.

ఇంటికి వచ్చి మేం ముగ్గురం కూర్చున్నాం. ఇంటికి కావలసిన పైకాన్ని పెదనాయిన ఒక్కడి ఆయుష్షుతో కాక ఇద్దరిలో ఎక్కువకాలం ఉండేవాళ్ల ఆయుష్షుతో కొలవాలన్నాను. పెద్దమ్మ ఇటు చూసింది, ఎవరని అడగలేదు. చివరికి పెదనాయిన వజీఫాలో సగం కాకుండా చిన్న వాటా వదులుకున్నాడు. దానితో మిర్యాలగూడలో మిద్దె రాలేదు. కిరాయికి ఇచ్చే రెండు గదులు వచ్చాయి, పెద్దమ్మ పేరు మీద. బియ్యం ధర పెరిగితే కిరాయి కూడా పెరుగుతుంది, వజీఫా పెరగకపోయినా.

అరవై నిండిన రోజు పెదనాయిన పొద్దున్నే తలంటుకుని, తెల్లబట్టలు కట్టుకుని అరుగు మీద కూర్చున్నాడు. సాయంత్రం దాకా ఏమీ కాలేదు. “పొయ్యి మీద ఏమున్నదో సూడు” అని లోపలికి వచ్చాడు. తర్వాత ఇరవై ఒక్క ఏళ్లు ఒకటో తారీఖున ఖజానా వరసలో నిలబడ్డాడు. కొత్త గుమాస్తా ఆలస్యం చేస్తాడని ప్రతి నెలా ఫిర్యాదు చేసేవాడు.

కోదాడ హెడ్మాస్టరుగారు ఒక నెల రాలేదు. పెదనాయిన ఇంటికి వచ్చి ఆ సాయంత్రమంతా ఆయన గురించే చెప్పాడు. తర్వాత బీమా పుస్తకం అడిగాడు. తన వరస తానే వెతుక్కున్నాడు.

“ఇంకా ఉన్నదిరా” అన్నాడు, కొంచెం నివ్వెరపోయి. “ఎంత పెద్దోన్నయినా గీ బుక్కు ఇంకింత ఇస్తనే ఉంది.”

ఆయన పోయాక పెద్దమ్మ పద్నాలుగేళ్లు ఉంది. మిర్యాలగూడ గదుల కిరాయితోనే బతికింది, ఎవరి ముందూ చేయి చాచలేదు. నాకు పాలసీ దొరికినా దొరకకపోయినా ప్రతి పండక్కి చొక్కాగుడ్డ కొనిపెట్టేది. నేనెప్పుడు చూడ్డానికి వెళ్లినా ఒక మాట చెప్పేది: “కోదాడ సారు ఎండల గన్నిసార్లు రాకపోతే నేనియ్యాల మీ ఇంట్ల గిన్నెలు తోముతుంటి.”

అది అబద్ధం. మా ఇంట్లో గిన్నెలు తోమనిచ్చేవాళ్లం కాదు. కానీ నేను ఆ మాట సరిదిద్దలేదు. ఆఖరుసారి అన్న రోజున కూడా ఆమె వయసుకు పట్టికలో ఇంకా నాలుగేళ్లున్నాయి, మాట్లాడుకోవడానికి కావలసినంత సమయం ఉందనుకున్నాను.