వాయిదా మరచిపోని మా ఆయన

మా ఆయన నందిగామలో లాయరు. ఏ పనైనా మరచిపోతారు, ఎక్కడికైనా ఆలస్యంగానే వస్తారు. పోయిన వారం విజయవాడలో ఆయన్ని చూపిస్తే డాక్టరు, "పని దగ్గర కూడా ఇంతేనా?" అని అడిగారు. ఏకాగ్రత సమస్యయితే చిన్నప్పటి నుంచీ, అన్నిచోట్లా కనిపిస్తుందట. "కోర్టు వాయిదా ఒక్కటీ మర్చిపోరండి, మర్చిపోయేది నన్నే" అన్నాను కోపంగా.

ఈ రోజు ఒంటిగంటకు కలిసి భోంచేద్దామన్నది ఆయనే. జగ్గయ్యపేటలో ఇంటి నుంచి బస్సులో నందిగామ వెళ్లి, రెండున్నర దాకా ఆయన ఆఫీసులో కూర్చున్నాను. ఫోన్ ఎత్తలేదు. ఉండబట్టలేక గుమస్తా గారిని అడిగాను.

"వాయిదాలు మాత్రం ఎలా గుర్తుంటాయండీ ఈయనకి?"

"ఆయనకెక్కడ గుర్తుంటాయమ్మా! పొద్దున్నే రెండుసార్లు ఫోన్ చేస్తా. కేసు పిలిచే ముందు వెళ్లి ఎదురుగా నిలబడతా. ఫైల్లో పడితే టైమే తెలీదు సారుకి. మొన్న ఆయన సొంత పొలం కేసుక్కూడా నేనే లాక్కెళ్లా."

అంటే నిర్లక్ష్యం నా ఒక్కదాని మీద కాదన్నమాట. డాక్టరుకు చెప్పిన జవాబు మార్చుకోవాలి. మూడింటికి ఆయన కోర్టు నుంచి ఫైలుతో వచ్చి, "అప్పుడే ఒంటిగంటయిందా?" అన్నారు. తిట్టే ఓపిక కూడా లేకపోయింది.

గుమస్తా గారు ఆరింటికి ఇంటికి వెళ్లిపోతారు. ఆ తర్వాత ఎదురుగా నిలబడాల్సింది నేనే. మీ ఇంట్లో ఆ ఉద్యోగం ఎవరిదండీ?